జుట్టు చుట్టూ మిగిలిన ఆకుపచ్చ

ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో అమ్మాయి బొమ్మ దూరం నుంచి ముచ్చటగానే ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే భుజం మీద పడిన జుట్టు చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత, మోచేతి అంచున ఇంకాస్త మందంగా అదే గీత. ఫొటో తీసినప్పుడు వెనక కట్టిన పచ్చగుడ్డ రంగు అది. గుడ్డను తీసేశారు గానీ దాని రంగు అంచుల్లో ఉండిపోయింది. చాలామంది దీన్ని కటింగ్ లోపమనుకుని మాస్కును ఇంకో పిక్సెల్, మరో పిక్సెల్ లోపలికి జరుపుతూ పోతారు. గీత పోతుంది. దాంతోపాటు జుట్టూ పోయి, తల అట్టముక్క కత్తిరించి అంటించినట్టు తయారవుతుంది.

చాలాసార్లు మాస్కులో తప్పేమీ ఉండదు. ఎక్కడ ఎంత పారదర్శకంగా ఉండాలో అది సరిగానే చెబుతోంది. తప్పు దాని కింద ఉన్న రంగులో ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే మిగతా పని చాలా తేలికవుతుంది. అందుకే ఒక ఫొటోను మొదటి నుంచి చివరి దాకా శుభ్రం చేస్తూ పోదాం. గులాబీ పట్టు లంగా ఓణీ, జరీ అంచు, మెడలో బంగారం, విరబోసిన జుట్టు, దానిమీదుగా మల్లెలూ మరువమూ కలిపి కట్టిన మాల. వెనక పచ్చగుడ్డ. ఈ బొమ్మ వెళ్లాల్సింది ముదురు మెరూన్ డిజైన్ మీదకి. ఆకుపచ్చ అంచు అన్నిటికంటే ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపించేది ఇలాంటి ఎర్రటి నేపథ్యం మీదే. అదే బొమ్మను తోట దృశ్యం మీద పెడితే ఎవరూ గమనించరు, మనమూ ఇంత కష్టపడక్కర్లేదు.

ముందు ఒక్క పిక్సెల్‌ను తీసుకుని చూద్దాం. కెమెరాలో ఒక పిక్సెల్ మొత్తం జుట్టు మీదో మొత్తం గుడ్డ మీదో పడాలని ఏమీ లేదు. వెంట్రుక పిక్సెల్‌లో సగమే కప్పితే మిగతా సగంలో గుడ్డ ఉంటుంది, కెమెరా ఆ రెంటినీ కలిపి ఒకే రంగుగా రాసేస్తుంది. మన ఫొటోలో జుట్టు రంగు ఎరుపు 40, ఆకుపచ్చ 30, నీలం 25 అనుకుందాం. గుడ్డ 60, 180, 70. సగం సగం కలిస్తే వచ్చేది 50, 105, 48. ఇప్పుడు మాస్కు ఈ పిక్సెల్‌కు యాభై శాతం పారదర్శకత ఇచ్చింది. అది సరైనదే. కానీ దీన్ని 100, 15, 30 ఉన్న మెరూన్ మీద పెడితే వచ్చేది 75, 60, 39. అసలు జుట్టు రంగుతో కలిసి ఉంటే రావాల్సింది 70, 22, 28. ఆకుపచ్చ 22 ఉండాల్సిన చోట 60 ఉంది. మనం చూస్తున్న గీత అంతా ఆ తేడాయే.

ఈ కలయికను ఇలా రాస్తారు:

```
C = a*F + (1-a)*B
F = (C - (1-a)*B) / a
```

C ఫొటోలో కనిపించే రంగు, F మనిషి అసలు రంగు, B గుడ్డ రంగు, a మాస్కు విలువ. బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చే ఈ లెక్కను 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పద్ధతిగా పెట్టారు. రెండో వరుస చూస్తే, గుడ్డ రంగు తెలిస్తే అసలు రంగును వెనక్కి రాబట్టవచ్చనిపిస్తుంది. మన సగం పిక్సెల్‌కు అది చక్కగా పనిచేస్తుంది, 40, 30, 25 తిరిగి వస్తాయి. కానీ వెంట్రుక కొసల దగ్గర a విలువ 0.1 మాత్రమే ఉంటుంది. 0.1తో భాగించడమంటే పదితో గుణించడమే. జేపెగ్ కుదింపులో రంగు నాలుగు అంకెలు అటూ ఇటూ అయినా ఆ తేడా నలభై అయి కూర్చుంటుంది. అందుకే జుట్టు దగ్గర ఆటోమేటిక్ పనిముట్లు కొన్నిసార్లు ఊదారంగు చుక్కలు, గులాబీ మచ్చలు తెచ్చిపెడతాయి. లెక్క తప్పు కాదు, దానికి అందిన ముడిసరుకులో అంత సమాచారం లేదు.

ముడిసరుకు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఫోన్లు, చాలా కెమెరాలు జేపెగ్ రాసేటప్పుడు వెలుగునీడలను పూర్తి వివరంగా ఉంచి, రంగును మాత్రం అడ్డంగా సగం, చాలాసార్లు నిలువుగా కూడా సగం వివరంతో దాస్తాయి. అంటే గుడ్డ ఆకుపచ్చ, ఫైలు రాసేటప్పుడే ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి కారిపోతుంది. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చిందంటే మళ్లీ కుదింపు పడినట్టే. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. రా ఫైలు దొరికితే ఇంకా మంచిది.

ఇక పని. నేను ఫొటోషాప్‌లో చెబుతున్నాను, మన ఊళ్ల స్టూడియోల్లో ఎక్కువగా ఉండేది అదే కాబట్టి. బ్యాక్‌గ్రౌండ్‌ను ఎరేజర్‌తో చెరపకుండా లేయర్ మాస్కుతోనే తీయండి. చెరిపేస్తే రంగూ పారదర్శకతా కలిసిపోతాయి, తర్వాత విడదీయలేం. `Select and Mask`లో సెలెక్షన్ చేసి, జుట్టు మీద `Refine Edge Brush` తిప్పి, `Layer Mask`గా బయటికి తెచ్చుకుంటే చాలు. అక్కడే `Decontaminate Colors` అని ఒక గడి ఉంటుంది. దాన్ని ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయండి, ఎందుకో తర్వాత చెబుతాను.

మాస్కు వచ్చాక మొదట చేయాల్సింది కింద మూడు రంగు లేయర్లు పెట్టుకోవడం: అసలు వాడబోయే మెరూన్, ఒక తెలుపు, ఒక మధ్యస్థ బూడిదరంగు. ఒక్కొక్కటీ ఆన్ చేసి అంచుల వెంట నూరు శాతం జూమ్‌లో నడవండి, అనుమానం వచ్చిన చోట రెండు వందలకు వెళ్లండి. నాలుగు వందల్లో ప్రతి ఫొటో పాడైనట్టే కనిపిస్తుంది, అక్కడ కూర్చుని శుభ్రం చేసేవాళ్లు సాయంత్రానికి కూడా లేవరు.

ఈ నడకలో గీత ఏ రకమో పోల్చుకోవాలి, ఎందుకంటే మందు రకాన్ని బట్టి మారుతుంది. గీత మనిషి చుట్టూ అన్ని వైపులా ఆకుపచ్చగా, ఒకటి రెండు పిక్సెళ్ల మందాన ఉంటే అది ఇప్పుడు చెప్పుకున్న కలయిక. అంచు దాటి లోపలికి, చెంప మీదికో మోచేతి కిందికో వెడల్పుగా పచ్చదనం పాకి ఉంటే అది గుడ్డ మీద పడిన వెలుగు తిరిగి ఒంటిమీద పడటం. మనిషిని గుడ్డకు మరీ దగ్గరగా నిలబెట్టినప్పుడు ఇది ఎక్కువ. ఒక పక్క ఆకుపచ్చ, ఎదురు పక్క మెజెంటా ఉండి, ఫ్రేము మూలలకు పోయేకొద్దీ పెరుగుతుంటే అది గుడ్డది కాదు, లెన్సుది. దానికి మాస్కు కంటే ముందే కెమెరా రాలో `Remove Chromatic Aberration` టిక్ పెట్టి మొదటికి రావాలి. ఇక రంగేమీ లేకుండా సన్నటి తెల్లగీత మాత్రమే ఉంటే ఫోన్ తనంతట తాను చేసిన షార్పెనింగ్ అయి ఉంటుంది.

మన ఫొటోలో మొదటి రెండూ ఉన్నాయి. ఒళ్లంతా ఒకేలా చూడకుండా, గట్టి అంచులను వేరుగా, జుట్టును వేరుగా పట్టుకుందాం.

గట్టి అంచులంటే చేయి, ఓణీ మడత, లంగా అంచు. ఇక్కడ మాస్కును అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ దాకా లోపలికి జరపడంలో నష్టం లేదు. మాస్కు మీద క్లిక్ చేసి, జుట్టు ఉన్న భాగాన్ని వదిలేసి మిగతాది లాసోతో సెలెక్ట్ చేసుకుని, `Filter > Other > Minimum` తెరిచి ఒకటి పెట్టండి. అక్కడితో ఆగండి. ఇంకా మిగిలిన పచ్చదనాన్ని మాస్కుతో కాదు, రంగుతో తీయాలి.

ఎలాగంటే, మనిషి లేయర్ పైన కొత్త ఖాళీ లేయర్ పెట్టి దాన్ని `Alt+Ctrl+G`తో కింది లేయర్‌కు క్లిప్ చేయండి. బ్రష్ తీసుకుని, ఆల్ట్ నొక్కి, అంచుకు అయిదారు పిక్సెళ్లు లోపల ఉన్న మంచి చర్మం రంగును ఎత్తుకోండి. దాన్ని లోపలి నుంచి బయటికి, అంచు దాటి పోయేదాకా పూయండి. బయటికి పోతుందేమోనని భయపడక్కర్లేదు. మాస్కు ఎంత చూపించమంటే అంతే చూపిస్తుంది. అంచు పిక్సెల్‌లో ఇప్పుడు మాస్కు పాతదే, సగం పారదర్శకతే. రంగు మాత్రం గుడ్డ కలవని అసలు రంగు. పై లెక్కలోని Fను మనం చేత్తో నింపినట్టన్నమాట. జరీ అంచు, పట్టు నేత లాంటి చోట్ల బ్రష్‌కు బదులు క్లోన్ స్టాంప్ వాడితే నేత చెడదు. ఫోకస్ తప్పిన వెనక భుజం దగ్గర కలయిక అయిదారు పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. మాస్కును కోసేవాళ్లు ఓడిపోయేది అక్కడే. ఈ పూత మాత్రం అక్కడ కూడా పనిచేస్తుంది, మెత్తటి అంచు మెత్తగానే ఉంటుంది.

ఇదే పనిని `Layer > Matting > Defringe` ఒక్క దెబ్బకు చేస్తుంది. అంచు పిక్సెళ్ల రంగును దగ్గర్లోని లోపలి రంగుతో మార్చేస్తుంది. అయితే ముందు లేయర్‌ను కాపీ చేసి మాస్కును అందులో కలిపేసుకోవాలి, వెడల్పు ఒకటి లేదా రెండు మించకూడదు. పాస్‌పోర్టు ఫొటోలకు, కోటు వేసుకున్న మగవాళ్ల బొమ్మలకు అది చాలు. మన అమ్మాయి జుట్టుకు అది పనికిరాదు. వెంట్రుక మొత్తం మందమే రెండు పిక్సెళ్లయితే దానికి లోపల అంటూ ఏముంది?

జుట్టు దగ్గర చాలామంది మొదట చేసేది `Hue/Saturation` తెరిచి ఆకుపచ్చ గాఢతను సున్నాకు లాగేయడం. పచ్చదనం పోతుంది, కానీ జుట్టు నెరిసినట్టవుతుంది. మన పిక్సెల్ 50, 105, 48 అలా చేస్తే దాదాపు 77, 77, 77 అవుతుంది. అసలు జుట్టు 30 దగ్గర ఉంది కదా. గుడ్డ వెలుగు మొత్తం బూడిదరంగుగా అక్కడే మిగిలిపోయింది. పదమూడేళ్ల పిల్లకు తల చుట్టూ నెరసిన జుట్టు, ఫంక్షన్ ఇంటివాళ్లు ఊరుకుంటారా?

దానికంటే మెరుగైన దారి ఒకటుంది. ఆకుపచ్చను గాఢత తగ్గించి కాదు, దానికి ఒక హద్దు పెట్టి అదుపు చేయాలి: ఏ పిక్సెల్‌లోనూ ఆకుపచ్చ, ఎరుపు నీలాల సగటును మించకూడదు. ఈ ఆలోచన ఫొటోషాప్ కంటే చాలా పాతది. సినిమాల్లో నీలి తెర పద్ధతిని తీర్చిదిద్దిన పెట్రో వ్లాహోస్ ఫిల్ము రోజుల్లోనే నీలం ఆకుపచ్చను మించకుండా కట్టడి చేశాడు. 1959 నాటి బెన్‌హర్‌లో వాడింది ఆయన పద్ధతే. మనం చేయబోయేది దానికి ఆకుపచ్చ రూపం.

మనిషి లేయర్ పైన `Channel Mixer` అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి క్లిప్ చేయండి. `Output Channel` దగ్గర `Green` ఎంచుకోండి. అందులో ఎరుపు 50, ఆకుపచ్చ 0, నీలం 50 పెట్టండి. బొమ్మంతా వింత రంగులోకి మారుతుంది, కంగారు పడొద్దు. ఇప్పుడు ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ను `Darken`కు మార్చండి. డార్కెన్ ఒక్కో చానెల్‌లో పాతదీ కొత్తదీ పోల్చి ఏది తక్కువైతే దాన్నే ఉంచుతుంది. ఎరుపూ నీలమూ మారలేదు కాబట్టి అవి అలాగే ఉంటాయి. ఆకుపచ్చ మాత్రం సగటును మించిన చోట తెగిపోతుంది, మించని చోట ఏమీ జరగదు. మన పిక్సెల్ 50, 49, 48 అవుతుంది. మెరూన్ మీద పెడితే 75, 32, 39. కావాల్సిన 70, 22, 28కి ఇది చాలా దగ్గర. వెంట్రుక కొసల్లో కూడా, భాగహారం లేదు కాబట్టి, చుక్కలు రావు.

చర్మానికి ఇది మేలే చేస్తుంది. మామూలు చాయ, ఉదాహరణకు 200, 150, 120లో సగటు 160, ఆకుపచ్చ దాన్ని మించలేదు, కాబట్టి చెక్కుచెదరదు. గుడ్డ వెలుగు పాకి 190, 185, 125 అయిన మోచేయి మాత్రం 158కి దిగి మళ్లీ ఒంటిరంగులోకి వస్తుంది. మల్లెలు కూడా అంతే. 225, 240, 215గా పచ్చబడిన రేకులు 220కి దిగి తెల్లబడతాయి.

చిక్కు బంగారంతో వస్తుంది. బంగారపు పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఎక్కువ, నీలం తక్కువ. 212, 175, 55 ఉన్న వడ్డాణంలో సగటు 133. ఆకుపచ్చ 175 నుంచి 133కి పడిపోతుంది, బంగారం రాగి అవుతుంది. జరీ అంచుదీ, బంతిపూలదీ, పసుపు రాసిన పాదాలదీ ఇదే గతి. విదేశీ పాఠాల్లో ఈ సగటు సూత్రాన్ని ధీమాగా చెప్పేసి వదిలేస్తారు, వాళ్ల మోడళ్ల ఒంటిమీద ఇంత బంగారం ఉండదు మరి. దీనికి రెండో `Channel Mixer` పెట్టుకోవాలి. అందులో `Green` చానెల్‌కు ఎరుపు 100, మిగతా రెండూ 0, మోడ్ మళ్లీ డార్కెనే. ఇక్కడ హద్దు సగటు కాదు, ఎరుపు. బంగారంలో ఆకుపచ్చ ఎప్పుడూ ఎరుపు కంటే తక్కువే కాబట్టి దానికేమీ కాదు. నగ అంచున గుడ్డ రంగు కలిసి ఆకుపచ్చ ఎరుపును మించిన పిక్సెళ్లు మాత్రం తెగుతాయి. మొదటి మిక్సర్ మాస్కును నల్లగా నింపేసి జుట్టు, చర్మం, మల్లెల మీద మాత్రమే తెల్ల బ్రష్‌తో తెరవండి. రెండోదాన్ని నగలు, జరీ మీద తెరవండి. నీలం బట్టల మీద మాత్రం రెండోది వద్దు. నీలంలో ఎరుపు తక్కువ ఉంటుంది కాబట్టి అది వంకాయ రంగులోకి తిరుగుతుంది.

మరువం సంగతి వేరు. అది నిజంగానే ఆకుపచ్చ. రెండు మిక్సర్లలో ఏది పడినా మాలలోని ఆకు ఎండిపోయి బూడిదవుతుంది, కాబట్టి మాస్కులో ఆకులను ఒక్కొక్కటిగా మూసేయాలి. మాల ఆకులైతే ఓపికతో సరిపోతుంది. ఆకుపచ్చ గాజులు, చిలకపచ్చ ఓణీ ఉంటే ఇక ఈ పద్ధతితో పోరాడి లాభం లేదు, ఆ ఫొటోను మొదటే నీలం గుడ్డ ముందు తీసి ఉండాల్సింది. అప్పుడు ఈ లెక్కంతా నీలం చానెల్‌కు మారుతుంది.

ఇంత చేశాక జుట్టు అంచు రవ్వంత లేతగా, దుమ్ము పట్టినట్టు కనిపించవచ్చు. 30 ఉండాల్సిన చోట 49 ఉంది కదా, ఆ తేడా. పైన ఇంకో లేయర్ క్లిప్ చేసి, మోడ్ `Multiply` పెట్టి, జుట్టు రంగుతో మెత్తటి బ్రష్‌ను పది, పదిహేను శాతం అపాసిటీలో అంచు వెంట ఒకటి రెండుసార్లు తిప్పండి. ముదరడం మొదలైన చోటే ఆపేయాలి. మెరూన్ మీద జుట్టు మరీ నల్లబడితే అదీ అతికించినట్టే కనిపిస్తుంది.

`Decontaminate Colors` దగ్గరికి తిరిగి వద్దాం. ఈ పని చాలావరకు అదే చేయగలదు, మెత్తటి అంచుల్లో లోపలి రంగును బయటికి లాగి నింపుతుంది. కానీ అది పిక్సెళ్లనే మార్చేసి కొత్త లేయర్‌గా ఇస్తుంది. మల్లెలు జుట్టును ఆనుకున్న చోట తెల్లటి రంగును పట్టుకెళ్లి వెంట్రుకల్లో నింపుతుంది, చెవి దగ్గర చర్మపు రంగును నింపుతుంది. నూరు ఫొటోల ఆల్బమ్ రేపటికి కావాలంటే దాన్నే యాభై దగ్గర పెట్టి వాడండి, తప్పేం లేదు. ఫ్లెక్సీ మీద నిలువెత్తున నిలబడే ఒక్క బొమ్మకు మాత్రం మిక్సర్ దారే పట్టండి, ఏది ఎక్కడ మారిందో మన చేతిలో ఉంటుంది.

ఈ శుభ్రం చేసే పనంతా బొమ్మను పెద్దది చేయకముందే జరగాలి. బొమ్మను మూడింతలు సాగదీస్తే రెండు పిక్సెళ్ల గీత ఆరవుతుంది, అంచులు మరింత మెత్తబడి కలయిక ఇంకా వెడల్పవుతుంది. అంగుళానికి 36 పిక్సెళ్ల ఫ్లెక్సీలో ఒక్కో పిక్సెల్ దాదాపు 0.7 మిల్లీమీటర్లు, ఆరు పిక్సెళ్లంటే నాలుగు మిల్లీమీటర్లు దాటిన పచ్చ పట్టీ. 300 పిక్సెళ్ల శుభలేఖలో అదే రెండు పిక్సెళ్ల గీత ఎవరి కంటికీ ఆనదు. శుభలేఖ కోసం చేసిన కటింగ్‌నే ఫ్లెక్సీకి వాడినప్పుడు కొత్తగా లోపం పుట్టినట్టు అనిపించేది ఇందుకే.

ఇంకో డిజైనర్‌కు ఇవ్వాలంటే మాస్కులతో సహా పీఎస్‌డీ ఇవ్వండి, లేదా పారదర్శకత ఉన్న పీఎన్‌జీ. తెల్లటి నేపథ్యం మీద జేపెగ్‌గా ఇస్తే అంచుల్లో ఈసారి తెలుపు కలుస్తుంది, అవతలివాళ్లు మళ్లీ కట్ చేసినప్పుడు తెల్లగీత మొదలవుతుంది. అలా వచ్చిన ఫైలు మీ చేతిలో పడితే, మాస్కును కలిపేశాక `Layer > Matting > Remove White Matte` ఒకసారి ప్రయత్నించండి. కలిసింది శుద్ధమైన తెలుపే అయితే బాగా తీస్తుంది.

కొన్ని కొసలు ఏం చేసినా తిరిగి రావు. గాలికి ఎగిరిన ఒంటి వెంట్రుక గుడ్డ మడతలో పూర్తిగా కలిసిపోయి ఉంటే, శుభ్రం చేయడానికి అక్కడ అసలు రంగే లేదు. వాటిని మాస్కులో చెరిపేసి, అన్నిటికంటే పైన క్లిప్ చేయని కొత్త లేయర్ మీద, ఒకటిన్నర పిక్సెల్ బ్రష్‌తో, జుట్టు రంగు ఎత్తుకుని, మొదలు నుంచి కొసకు ఒక్క ఊపులో కొత్త వెంట్రుకలు గీయండి. కొస సన్నబడాలంటే పెన్ ప్రెషర్ కావాలి, టాబ్లెట్ లేకపోతే గీశాక చివరను మెత్తటి ఎరేజర్‌తో ఒకసారి తాకితే సరిపోతుంది. తలకు రెండు వైపులా అయిదారు చాలు, అవీ ఒకే పొడవు, ఒకే వంపు లేకుండా.